"బాగుంది, కాన్ఫిడెన్స్ పెంచుకో" అని రాస్తే సార్ కాగితం వెనక్కిచ్చేశారు. సెమినార్ ఫీడ్‌బ్యాక్ ఎలా రాయాలి?

వెన్నెల_బీఎస్సీ
అందరికీ నమస్తే. బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. మాకు ప్రతి గురువారం ఇద్దరు సెమినార్ ఇవ్వాలి, ఒక్కొక్కరికి 8 నిమిషాలు. వినేవాళ్ళలో నలుగురు తలా అర పేజీ ఫీడ్‌బ్యాక్ రాసి, పేరు పెట్టి, మాట్లాడినవాళ్ళకే ఇవ్వాలి. ఇచ్చేముందు సార్ ఒకసారి చూస్తారు.

ఈ వారం నా ఫ్రెండ్ మాట్లాడింది. నల్గొండ నీళ్ళలో ఫ్లోరైడ్, దాన్ని తీసేసే పద్ధతులు. తనది ఆ జిల్లానే. నేను రాసింది ఇది: "టాపిక్ చాలా బాగుంది. బాగా ప్రిపేర్ అయ్యావు. కొంచెం టెన్షన్ పడ్డావు, కాన్ఫిడెన్స్ పెంచుకో. స్లైడ్లు ఇంకా బాగా చేయొచ్చు." సార్ ఎర్ర ఇంకుతో "ఏ స్లైడు? ఎప్పుడు? ఏం చేయమంటావు?" అని రాసి తిరిగిచ్చారు. సోమవారం లోపు మళ్ళీ ఇవ్వాలి. నిజం చెప్పాలంటే తను బాధపడుతుందని భయం. హాస్టల్‌లో ఒకే రూమ్ మాది.

మిడిల్_బెంచ్
టెన్షన్ అందరికీ ఉంటుందమ్మా. అద్దం ముందు రోజూ పది నిమిషాలు మాట్లాడండి. స్టేజి ఎక్కేముందు నీళ్ళు తాగండి, జనాన్ని చూడకుండా వెనక గోడను చూస్తూ మొదలుపెట్టండి. నాకు ఇంజినీరింగ్‌లో ఇదే పని చేసింది.

వెన్నెల_బీఎస్సీ
థాంక్స్ అండి, కానీ మాట్లాడింది నేను కాదు. నేను విని రాయాల్సిన మనిషిని :)

మిడిల్_బెంచ్
ఓహ్, సగమే చదివాను. సారీ.

రమణ_హెచ్ఆర్
ఇది చాలా సింపుల్. సాండ్‌విచ్ పద్ధతి. మొదట ఒక మెచ్చుకోలు, మధ్యలో ఒక లోపం, చివర మళ్ళీ ఒక మెచ్చుకోలు. పదిహేనేళ్ళుగా ఆఫీసులో ఇలాగే ఇస్తున్నాను, ఎవరూ నొచ్చుకోలేదు. మీరు రాసింది దాదాపు అదే, చివర్లో ఇంకో మంచిమాట చేర్చండి చాలు.

పాత_చాక్‌పీసు
రమణగారూ, ఎవరూ నొచ్చుకోలేదన్నారు సరే, ఎవరైనా మారారా? మీరన్నదాంట్లో సగం నిజం ఉంది. మంచి కూడా చెప్పాలి, అదీ ముందు చెప్పాలి. చిక్కెక్కడంటే, రెండుసార్లు అలా తిన్నాక "బాగుంది" వినపడగానే అవతలివాళ్ళు "కానీ" కోసం కాచుకుని కూర్చుంటారు. అప్పుడు ఆ మెచ్చుకోలు చెవికెక్కదు.

వెన్నెలా, నేను ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెప్పాను, సెమినార్లు వందల్లో విన్నాను. మీ సార్ అడిగిన మూడు ప్రశ్నలే అసలు పాఠం. ఇప్పుడు ఒక పని చెయ్యి. ఆ 8 నిమిషాల్లో నీ కంటికి కనపడినవీ చెవికి వినపడినవీ మాత్రం ఇక్కడ రాయి. "బాగా", "సరిగా", "కొంచెం" అనే మాటలు వాడకు. "టెన్షన్", "కాన్ఫిడెన్స్" అసలే వద్దు, అవి ఎవరి కంటికీ కనపడేవి కావు. క్రమం లేకపోయినా ఫర్వాలేదు.

వెన్నెల_బీఎస్సీ
ట్రై చేస్తాను సార్. నోట్‌బుక్ వెనక కొన్ని రాసుకున్నాను.

మొత్తం 11 స్లైడ్లు. మొదటి మూడింట్లో ఫ్లోరైడ్ అంటే ఏంటి, పళ్ళకీ ఎముకలకీ ఏమవుతుంది అని ఉంది. అవి స్క్రీన్ వైపు తిరిగి చదివింది.
నాలుగో స్లైడులో ఊళ్ళవారీగా ఫ్లోరైడ్ టేబుల్. తొమ్మిది వరుసలు. "యాజ్ యూ కెన్ సీ" అని వెంటనే తర్వాతి స్లైడుకి వెళ్ళింది. నేను మూడో బెంచీ, నాకు అంకెలు కనపడలేదు.
ఆరో స్లైడు నల్గొండ టెక్నిక్. అక్కడ స్క్రీన్ వదిలేసి ముందుకొచ్చింది. బకెట్ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపితే తెల్లగా తుంపులు కట్టి అడుక్కి దిగుతాయి, గంట ఆగి పైనున్న తేట వంచుకోవాలి అని చెప్పింది. ఇదంతా తెలుగులో. వెనక బెంచీ వాళ్ళు ఫోన్లు దించేసి చూశారు.
ఏడో నిమిషంలో సార్ "1" కార్డు చూపించారు. చివరి మూడు స్లైడ్లు పరుగు. ముగింపు స్లైడు వేసింది కానీ చదవలేదు, "థాంక్యూ" అంది.
ఒకరు "ఆ పటిక నీళ్ళలో మిగిలిపోదా?" అని అడిగారు. "చూసి చెప్తాను" అంది.

పాత_చాక్‌పీసు
చూశావా, నీ దగ్గర సరుకంతా ఉంది. కాగితం మీద పెట్టకుండా దాచుకున్నావు, అంతే.

ఇందులోంచి రెండే తీసుకో. ఒకటి తను మళ్ళీ చేయాల్సింది, ఒకటి మార్చుకోవాల్సింది. మహా అయితే మార్పుకి ఇంకోటి. ఐదు రాస్తే ఒక్కటీ చేయదు. నలుగురు రాస్తున్నారు కదా, నలుగురూ తలా ఐదు రాస్తే పాపం ఇరవై.

మంచిది ఏది తీసుకోవాలో నేను చెప్పక్కర్లేదు, బకెట్. "బాగా చెప్పావు" అని కాకుండా, ఏం చేసిందో, అప్పుడు క్లాసులో ఏమైందో రాయి. తను ఆ పని చేశానని తనకే తెలిసుండదు. చేతులు గాల్లో పెట్టి వివరించేవాళ్ళకి వెనక బెంచీ ఎటు చూస్తోందో కనపడదు కదా. నువ్వు చూశావు. అందుకే మెచ్చుకోలు కూడా లోపమంత వివరంగా ఉండాలి, లేకపోతే తర్వాతిసారి దేన్ని మళ్ళీ చేయాలో తెలియదు.

ఇక "టెన్షన్ పడ్డావు" సంగతి. స్క్రీన్ వైపు తిరగడం నువ్వు చూసింది. టెన్షన్ నువ్వు ఊహించింది. చూసింది రాయి, కారణం తనని అడుగు.

రమణ_హెచ్ఆర్
సార్, ఇంత లెక్కలు చూసుకుని రాస్తే స్నేహం ఏం మిగులుతుంది? రెండు మంచి మాటలు చెప్తే ఎవరికి నష్టం?

పాత_చాక్‌పీసు
నష్టం ఉండొచ్చు. క్లుగర్, డెనీసి అని ఇద్దరు పరిశోధకులు 1996లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టారు. ఫీడ్‌బ్యాక్ వల్ల సగటున మేలే జరిగింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఇచ్చాక పని ఇంకా పాడైంది. వాళ్ళు చెప్పిన కారణం మన పాపకి అక్షరాలా సరిపోతుంది: మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్ళినప్పుడు దెబ్బతింటుంది. పొగడ్త కూడా మనిషి మీదికి మళ్ళించేదే. "నువ్వు తెలివైనదానివి" అంటే వచ్చే గురువారం స్లైడులో మార్చడానికి ఏముంది?

డాలస్_శ్రీను
నేను టోస్ట్‌మాస్టర్స్ అనే స్పీచ్ క్లబ్‌లో ఉన్నాను. అక్కడ ప్రతి స్పీచ్ తర్వాత ఒకరు లేచి 2 నుంచి 3 నిమిషాలు మూల్యాంకనం చెప్పాలి. ఆ టైమ్ అయ్యాక ఎంత చెప్పాలనిపించినా ఆగాలి. మొదట్లో చిరాకనిపించేది గానీ, పాత_చాక్‌పీసు గారు "రెండే" అనడంలో ఉన్న లాభం అక్కడే అర్థమైంది.

ఇంకోటి, వివరంగా రాయమన్నారు కదా అని లెక్కపెట్టడం మొదలెట్టకండి. నేను చేసిన తప్పిది. ఆఫీసులో ఒక ట్రైనీ డెమో ఇస్తుంటే కూర్చుని "సో" ఎన్నిసార్లు అందో గీతలు గీశాను. 31. అదే చెప్పాను, చాలా కచ్చితంగా ఉంది కదా అని. తర్వాతి డెమోలో ఆ అమ్మాయి ప్రతి వాక్యానికీ ముందు ఆగి, "సో" మింగి, ఏం చెప్పబోతోందో మర్చిపోయింది. అంకె కరెక్టే. దాంతో ఏం చేసుకోవాలో నేను చెప్పలేదు. "ఒక స్లైడు అయ్యాక నోరు మూసుకుని ఊపిరి తీసుకో, తర్వాత మొదలుపెట్టు" అని ఉంటే సరిపోయేది.

సూటి_కుర్రాడు
ఇదంతా ఓవర్ అండి. ఫ్రెండ్ అన్నాక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. టేబుల్ చెత్తగా ఉంది, టైమ్ మేనేజ్‌మెంట్ లేదు, ఫినిష్. అలాగే ఒకటి ఎవరూ అనలేదు. ఇంగ్లీష్ సెమినార్‌లో మధ్యలో తెలుగులోకి, అదీ ఊరి యాసలోకి దిగిపోయింది. అది కూడా రాయాలి కదా? రేపు ఇంటర్వ్యూలో ఎవరు ఊరుకుంటారు?

వెన్నెల_బీఎస్సీ
అది రాయాలా వద్దా అని నాకూ డౌటే. రూల్ ప్రకారం ఇంగ్లీష్‌లోనే చెప్పాలి. కానీ క్లాసంతా విన్నది ఆ ఒక్క నిమిషమే.

పాత_చాక్‌పీసు
కుర్రాడుగారూ, "చెత్తగా ఉంది" సూటి మాట కాదు, అదీ "బాగుంది" లాంటి గాలి మాటే. అందులో ఏ అంకె కనపడలేదో లేదు. "మూడో బెంచీకి అంకెలు కనపడలేదు" అన్నది దానికంటే సూటి, అయినా ఎవరి మనసూ గుచ్చుకోదు.

యాస సంగతి వేరు. గొంతు సన్నగా ఉండటం, పొట్టిగా ఉండటం, పుట్టిన ఊరి పలుకుబడి, ఇవి గురువారం నుంచి గురువారానికి మారేవి కావు. అసలు మారాల్సిన అవసరమూ లేదు. నేనైతే కాగితం మీదికి తీసుకురాను. "ఆఖరి బెంచీకి వినపడలేదు" అనొచ్చు, అది గొంతు మీద తీర్పు కాదు, దూరం లెక్క.

మూసీ_ఒడ్డు
నల్గొండ మనిషిని. ఈ థ్రెడ్ ఇప్పుడే చూసిన. యాస ముచ్చట పక్కన పెట్టమన్నందుకు సార్‌కి దండాలు. కానీ భాష మారుడు వేరే ముచ్చట గదా సార్. సెమినార్ ఇంగ్లీష్‌లనే అని రూల్ ఉన్నప్పుడు, మార్కులు పోతయని దోస్తు చెప్పకుంటే ఎవరు చెప్తరు? నా డిగ్రీల నేను గట్లనే తెలుగుల చెప్పిన, అందరు చప్పట్లు కొట్టిన్రు, మార్కులు మాత్రం సగమే పడ్డయ్. దోస్తులు ఒక్కడన్నా ముందుగాల చెప్పి ఉంటే బాగుండు అనిపించింది.

పాత_చాక్‌పీసు
ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అయితే "తెలుగు మాట్లాడావు" అని తప్పుగా రాయడం కాకుండా, ఆ బకెట్ వివరణనే నాలుగు ఇంగ్లీష్ వాక్యాలుగా తయారుచేసుకోమని చెప్పొచ్చేమో.

సూటి_కుర్రాడు
చెప్పొచ్చేమో ఏంటి సార్, చెప్పాలి.

మూసీ_ఒడ్డు
చేతుల్తోని చెప్పిన ముచ్చట ఇంగ్లీష్‌ల రాసుకుంటే మళ్ళ చదువుడే అయితది. గది గూడ ఆలోచించాలె.

వెన్నెల_బీఎస్సీ
ఒక డ్రాఫ్ట్ పెడుతున్నా, చూడండి.

"ఆరో స్లైడులో నువ్వు ముందుకొచ్చి బకెట్ చూపిస్తూ చెప్పినప్పుడు వెనక బెంచీ వాళ్ళు ఫోన్లు దించి విన్నారు. నాలుగో స్లైడులో టేబుల్ చాలా పెద్దది, చిన్నది చేయాలి. స్క్రీన్ చూడకూడదు. ముగింపు చెప్పకుండా వదిలేయకూడదు, టైమ్ చూసుకోవాలి."

డాలస్_శ్రీను
మొదటి వాక్యం అదిరింది. తర్వాత మళ్ళీ ఇన్విజిలేటర్ వచ్చారు. చేయాలి, కూడదు, కూడదు, చూసుకోవాలి.

పాత_చాక్‌పీసు
శ్రీనుగారు సరిగ్గా పట్టుకున్నారు. మొదటి వాక్యంలో నువ్వు పక్కన కూర్చుని చూసినదానివి. మిగతావాటిలో పైన నిలబడ్డావు.

టేబుల్ సంగతి చూద్దాం. "పెద్దది" నీ తీర్పు. నీకేమైందో రాయి: మూడో బెంచీ నుంచి అంకెలు కనపడలేదు, కాబట్టి ఏ ఊళ్ళో ఎక్కువో నీకు తెలియకుండానే స్లైడు వెళ్ళిపోయింది. ఇది ఎవరూ కాదనలేరు, ఎందుకంటే నీ కళ్ళ సంగతి అది. తర్వాత "చిన్నది చేయాలి" అంటే ఏం చేస్తుంది? అక్షరాలు చిన్నవి చేస్తుందా? తొమ్మిది వరుసల్లో తను చెప్పదలచుకున్న విషయం ఏది? నువ్వు కెమిస్ట్రీ విద్యార్థివి, నీకే తెలియాలి.

వెన్నెల_బీఎస్సీ
తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు అని భారతీయ ప్రమాణం. ఆ 1.5 దాటిన ఊళ్ళు ఎన్ని, తన ఊరు ఎక్కడుంది, అదే కదా పాయింటు. ఆ 1.5 అంకె స్లైడులోనే లేదు! ఇప్పుడు రాస్తుంటేనే తట్టింది.

పాత_చాక్‌పీసు
అదే రాయి. తను ఒక్క సాయంత్రంలో చేయగలిగిన పని అది. అవతలివాళ్ళు ఇల్లు చేరాక మొదట ఏం తెరవాలో తెలిస్తే ఆ సలహా పనికొచ్చినట్టు లెక్క.

టైమ్ గురించి కూడా అంతే. "టైమ్ చూసుకో" అంటే వాచీ చూస్తూ ఇంకా తడబడుతుంది. ఎక్కడ పోయింది ఆ టైమ్? నీ నోట్సులో ఏమైనా ఉందా?

వెన్నెల_బీఎస్సీ
నాలుగో స్లైడుకి వచ్చేసరికి క్లాసు గడియారంలో మూడున్నర నిమిషాలు దాటాయి. అంటే మొదటి మూడు స్లైడ్లకే దాదాపు సగం. అందరికీ తెలిసిన విషయాలే అవి.

పాత_చాక్‌పీసు
మరింకేం, దొరికింది. చివర్లో పరుగెత్తడం కనపడిన లక్షణం, జబ్బు మొదట్లో ఉంది. చాలామంది "ఎండింగ్ బాగాలేదు" అని రాసి వదిలేస్తారు.

రమణ_హెచ్ఆర్
నేను ఒప్పుకుంటున్నాను, ఇది నా సాండ్‌విచ్ కంటే మెరుగే. కానీ ఆఫీసులో ఇంత టైమ్ ఎవరికుంటుంది సార్.

వెన్నెల_బీఎస్సీ
రెండో డ్రాఫ్ట్. ఇదే ఇద్దామనుకుంటున్నా.

"ఆరో స్లైడులో నువ్వు స్క్రీన్ వదిలి ముందుకొచ్చి, బకెట్ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, తుంపులు అడుక్కి దిగడం చూపించావు. వెనక బెంచీ వాళ్ళు ఫోన్లు దించారు. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ గుర్తుంది, పుస్తకం చూడకుండా చెప్పగలను. ఫ్లోరైడ్ పళ్ళకి చేసే హాని చెప్పేటప్పుడు కూడా అలా ముందుకొచ్చి చెప్పి చూడు.

నాలుగో స్లైడు టేబుల్‌లో అంకెలు మూడో బెంచీ నుంచి నాకు కనపడలేదు, అందుకే ఏ ఊళ్ళో ప్రమాదమో తెలియలేదు. మీ ఊరు, ఇంకో రెండు ఊళ్ళు ఉంచి, పక్కన 1.5 పరిమితి ఎర్రగా వేస్తే, ఆ స్లైడు ఒక్క చూపులో తెలిసిపోతుందనుకుంటున్నా.

మొదటి మూడు స్లైడ్లు అయ్యేసరికి మూడున్నర నిమిషాలైంది. నీ ముగింపు వినాలని ఉండింది, వినలేకపోయాను. ఆ మూడింటినీ ఒకటిగా కలిపితే దానికి టైమ్ దొరుకుతుందేమో. ఇంకో సంగతి అడగాలి: మొదట్లో ఎక్కువసేపు స్క్రీన్ వైపు తిరిగి ఉన్నావు, ఎందుకని?"

భాష సంగతి రాయలేదు. రూమ్‌లో నోటితో చెప్తాను.

డాలస్_శ్రీను
చివరి ప్రశ్న బాగా నచ్చింది. "తిరగకూడదు" పోయి "ఎందుకని" వచ్చింది.

సూటి_కుర్రాడు
సరే ఒప్పుకున్నా, బాగుంది. పొడుగెక్కువైంది అంతే. అర పేజీ అన్నారు మీ సార్.

వెన్నెల_బీఎస్సీ
(మంగళవారం) ఏమైందో చెప్పాలని వచ్చాను. సార్ ఏమీ రాయకుండా సంతకం పెట్టారు. అర పేజీ దాటింది, ఏమనలేదు.

తను చదివి ముందు బకెట్ దగ్గర నవ్వింది. "ఫోన్లు దించారా? నిజంగా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత స్క్రీన్ ప్రశ్నకి చెప్పిన జవాబు విని నేను ఆగిపోయాను. ప్రొజెక్టర్ పెట్టినప్పుడు లాప్‌టాప్ తెర మీద స్లైడు రాలేదట, ఖాళీ డెస్క్‌టాప్ ఒక్కటే. గోడ మీదే స్లైడు కనపడింది, కాబట్టి ఏం చెప్పాలో తెలియాలంటే తిరగాల్సిందే. టెన్షన్ కాదు, కాన్ఫిడెన్స్ కాదు! నా మొదటి కాగితం ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో.

టేబుల్ మాత్రం మార్చనంది. ప్రాజెక్ట్ గైడ్ మొత్తం తొమ్మిది ఊళ్ళూ ఉండాలన్నారట. దానికి నా దగ్గర జవాబు లేదు.

మిడిల్_బెంచ్
ఈసారి మొత్తం చదివాను :) కీబోర్డ్‌లో `Windows + P` నొక్కి `Duplicate` ఎంచుకోమనండి. లాప్‌టాప్‌లోనూ గోడ మీదా ఒకటే కనపడుతుంది. ఆ రోజు `Extend`లో ఉండి ఉంటుంది. మా కాలేజీలో సగం మంది గోడతో మాట్లాడింది దీనివల్లే.

వెన్నెల_బీఎస్సీ
వావ్, ఇది క్లాస్ గ్రూపులో పెడతాను. థాంక్స్ అండి.

పాత_చాక్‌పీసు
టేబుల్ గురించి తను కాదంటే కాదనే. చూసింది చెప్పడం నీ వంతు, తీసుకోవడం తన ఇష్టం. తొమ్మిది వరుసలూ ఉంచి తన ఊరి వరుసకి మాత్రం రంగు వేసే దారి ఉంది, కావాలంటే ఒక మాట అను. రెండోసారి కాదంటే వదిలెయ్.

మూసీ_ఒడ్డు
భాష సంగతి నోటితోని చెప్పినవా మరి?

వెన్నెల_బీఎస్సీ
చెప్పాను. "ఇంగ్లీష్‌లో చెప్తే చేతులు లేవవు" అంది. పటిక మిగిలిపోదా అన్న ప్రశ్నకి జవాబు కూడా వెతికింది: మిగలొచ్చు, మోతాదు ఎక్కువైతే అల్యూమినియం నీళ్ళలో ఉండిపోతుంది, అందుకే నీళ్ళని బట్టి కొలత మారుస్తారట. ఈ జవాబు మాత్రం ఇంగ్లీష్‌లో చేతులు ఆడిస్తూ నాకు చెప్పింది, మంచం మీద కూర్చుని. వచ్చే గురువారం సెమినార్ నాది. నా ఫీడ్‌బ్యాక్ కాగితాల్లో ఒకటి తను రాస్తుంది.